ఉండవచ్చు కాదు, ఉంది

మా బాబాయితో ఎవరింటికైనా వెళ్లాలంటే పిన్నికి భయం. టీతోపాటు పళ్లెంలో బిస్కెట్లు పెడితే ఆయన ముట్టుకోడు. "ప్యాకెట్టు పారేశారా అమ్మా?" అని అడుగుతాడు. పాపం ఆ ఇంటావిడ వంటగది చెత్తబుట్టలోంచి చింపిన కవరు వెతికి, తుడిచి తెస్తుంది. బాబాయి దాన్ని వెనక్కి తిప్పి, కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూస్తాడు. చూశాక ఒక బిస్కెట్టు తీసుకుని, "పంచదార ముందుంది. ఇది బిస్కెట్టు కాదమ్మా, గట్టిపడిన పంచదార" అంటాడు. ఆవిడ నవ్వాలో నొచ్చుకోవాలో తెలియక పిన్ని వైపు చూస్తుంది. పిన్ని నేల వైపు చూస్తుంది.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆయన పేరు వెనకపేజీ మాస్టారు. ప్యాకెట్టు ముందువైపు ఏ బొమ్మ ఉందో, ఏ రంగు ఉందో అడిగితే చెప్పలేడు. ఒకసారి వాళ్ల సొంత బిస్కెట్టు పేరే మరిచిపోయి, "అదేనోయ్, పాలపొడి నాలుగో స్థానంలో ఉంటుందే, అది" అన్నాడట. ఆ మాట చాలాకాలం క్యాంటీన్లో తిరిగింది.

ఆయన అక్కడ చేరింది పిండి గదిలో. బస్తాలు మోసి, కోసి, మిక్సరు నోట్లో పోయడం పని. ఏ సరుకు ఎంత పడుతుందో ఆయనకి కాగితం కంటే ముందు భుజానికి తెలిసింది. పిండి బస్తాలు మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి దిగిపోయింది. చొక్కాలు కుట్టేటప్పుడు పిన్ని ఆ వైపు వేరే కొలత తీసుకుంటుంది. పిండి గదిలోంచి తూకాల మీదికి, తూకాల మీదనుంచి ప్యాకింగుకి వచ్చాడు. అక్కడ ఒకరోజు, ప్యాకెట్లకి చుట్టే కొత్త రేపరు రోలు చేతిలోకి తీసుకుని ఊరికే వెనక్కి తిప్పి చూస్తే పాలపొడి మాటే లేదు. వేలకొద్దీ ప్యాకెట్లు బయటికి వెళ్లబోయే సమయానికి లైను ఆపించాడు. పాలు పడని పిల్లలుంటారు. రేపరు మీద లేదు కదా అని తల్లి నమ్మి పెడుతుంది. ఆ సంగతి అప్పటి మేనేజరుకి చెప్పడానికి బాబాయి పడిన తడబాటు, చెప్పాక ఆయన భుజం తట్టడం, ఇవన్నీ మా ఇంట్లో అందరికీ కంఠస్థం. ఆ తరవాతే ఆయనకి లేబుళ్లు చూసే పని ఇచ్చారు. ఒక అద్దాల గది, ఒక బల్ల, ఒక భూతద్దం. ప్రింటింగు ప్రెస్సు నుంచి వచ్చిన నమూనాని తయారీ కాగితంతో సరిచూసి, అంతా సరిగ్గా ఉంటే కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే ప్రెస్సులో మిషను తిరగదు.

నేను పై చదువుకి వచ్చి వాళ్లింట్లో ఉంటున్న కాలంలోనే ఆ సంతకానికి గండం వచ్చింది. లేబుళ్ల మీద సంతకం పెట్టేవాళ్లు లేబులింగు పరీక్ష రాసి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలని కంపెనీ నియమం పెట్టింది. ఎంత అనుభవం ఉన్నా సర్టిఫికెట్టు లేకపోతే సంతకం లేదు. బాబాయితో పాటు ల్యాబులో పనిచేసే ఒక అమ్మాయి, ప్యాకింగు సూపర్వైజరు కూడా పేరు ఇచ్చారు. బాబాయి ఈ వార్తని ఇంట్లో చెప్పిన తీరు చూస్తే ఎవరో ఆయనకి ఎలా నడవాలో పరీక్ష పెడుతున్నట్టుంది.

"రాయండి, పోయేదేముంది?" అంది పిన్ని.

"పోయేదేముందని కాదు. అడిగేవాడికి ఏం తెలుసనీ" అన్నాడు ఆయన.

మిగతా ఇద్దరికీ చదువు చెప్పే బాధ్యత తనకి తానే తీసుకున్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్లో మూల బల్ల దగ్గర పాఠం. ఇంటికొచ్చాక అదే పాఠం మళ్లీ మాకు. రేపరు మీద దినుసుల వరస రుచిని బట్టి కాదు, ఖరీదుని బట్టి కాదు. తయారుచేసేటప్పుడు ఏది ఎక్కువ బరువు వేశామో అది ముందు, ఏది తక్కువో అది చివర. పొయ్యిలో ఆవిరైపోయిన నీళ్లని రాయక్కర్లేదు. రెండు మూడు సరుకులు కలిపి తయారైన ముద్దలాంటిది మనం కొని వాడితే, అది మొత్తం బరువులో నూటికి అయిదు కంటే తక్కువైతే లోపలేమున్నాయో విడదీసి రాయక్కర్లేదు. "కానీ," అని ఇక్కడ బాబాయి చూపుడువేలు లేపేవాడు. "ఆ ముద్దలో పడని సరుకు ఉంటే, చిటికెడున్నా సరే, చెప్పి తీరాలి. గోధుమ, పాలు, గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు, బాదం, సోయా, చేప. అవి లోపల దాక్కుంటాయి. మనం బయటికి లాగాలి." ఇక ఆఖరి పాఠం: మనం చేతులారా వేసినదాన్ని 'కలిగి ఉంది' అనాలి. వెయ్యలేదు గానీ అదే మిషను మీద వేరే బిస్కెట్టు చేసినప్పటి పొడి అంటుకుని ఉంటుందేమోనన్నదాన్ని మాత్రమే 'ఉండవచ్చు' అనాలి. వేసి 'ఉండవచ్చు' అనడం అబద్ధం.

ఇంత బాగా చెప్పేవాడు. నేను ఆయన మీద జాలితో రాయడం లేదు. నిజంగా బాగా చెప్పేవాడు.

పాత ప్రశ్నపత్రాలు చదివి వినిపించడం నా పని. కూరగాయలు తరుగుతున్న పిన్ని పక్కన కూర్చుని నేను మొదలుపెట్టేదాన్ని: "ఒక తయారీదారు కింది దినుసులతో..." అంతే, ఆయన అందుకునేవాడు. "పిండి, పంచదార, కొవ్వు, పాలపొడి, ఉప్పు. తరవాతిది?"

"ఇంకా అవలేదు బాబాయ్. తూకాలు ఇచ్చారు ఇక్కడ."

"తూకాలు నాకు చెబుతావేమే. అలాంటి బిస్కెట్టుకి తూకాలు అలాగే ఉంటాయి."

జవాబు పత్రంలో చూస్తే ఆయన చెప్పిందే ఉండేది, ఎక్కువసార్లు. ఎప్పుడైనా తేడా వస్తే ప్రశ్న వేసినవాడు బిస్కెట్టు ఎప్పుడూ చేసి ఉండడనేవాడు. నేను ప్రశ్నని చివరిదాకా చదివిన సందర్భం ఒక్కటీ గుర్తులేదు. "ఆయన్ని పూర్తిగా విననివ్వు" అని పిన్ని నన్నే కోప్పడేది, నేనేదో అడ్డం వస్తున్నట్టు.

పరీక్ష అయ్యాక గంట ముందే బయటికొచ్చేశానని సంబరంగా చెప్పాడు. ల్యాబు అమ్మాయి ఆఖరిదాకా కూర్చుని చెరిపి మళ్లీ రాస్తూ ఉందట. "పాపం, దానికి కంగారెక్కువ" అన్నాడు. ఒక పెద్ద ప్రశ్న గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాడు. అచ్చం వాళ్ల పాల బిస్కెట్టే ఇచ్చారట. కళ్లు మూసుకుని రాశానన్నాడు.

ఫలితాలు ఎవరివి వాళ్లకి ఫోనులో వచ్చాయి. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు చాలా తరవాత, ముక్కలు ముక్కలుగా తెలిసింది. బాబాయి ఫోనులో 'ఉత్తీర్ణులు కాలేదు' అని వచ్చింది. ఆ పరీక్షలో అలర్జీ సరుకుల ప్రశ్న ఒకటి ఉంటుంది; దాంట్లో తప్పితే మిగతావన్నీ సరిగ్గా రాసినా తప్పినట్టే. ఆయన ఇంకా ఆ మాట రెండోసారి చదువుకుంటుండగానే మేనేజరు గదికి పిలిచాడు. కంపెనీకీ కబురు వచ్చింది. మేనేజరు వయసులో చిన్నవాడు, మర్యాదస్థుడు. తలుపు వేసి, కుర్చీ జరిపి కూర్చోబెట్టి, మళ్లీ రాసుకోవచ్చులెండి అన్నాడట. అప్పటిదాకా నమూనాల మీద సంతకం పాసైనవాళ్లే పెట్టాలి. "ఈ మాట నేను నోటీసులో పెట్టను. మీ దగ్గర చదువుకున్నవాళ్లే కదా వాళ్లిద్దరూ, మీరే చెప్పండి" అన్నాడు. ఆయన గౌరవం కాపాడదామనే అన్నాడు. ఆ గౌరవమే పీకకి చుట్టుకుంది.

ఎందుకంటే గది తలుపు తీసేసరికి క్యాంటీన్లోంచి చప్పట్లు. ల్యాబు అమ్మాయీ సూపర్వైజరూ పాసయ్యారు. మూల బల్ల దగ్గర అందరూ పోగయ్యారు. ఆ అమ్మాయి ఎదురొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, తాము పాసైంది వెనకపేజీ మాస్టారి వల్లేనని, మాస్టారు చెప్పినట్టు రాశాం కాబట్టే గట్టెక్కామని అందరికీ చెప్పింది. ఎవరూ ఆయన్ని మీ సంగతేమిటని అడగలేదు. అడిగే ప్రశ్నా అది? గురువుగారిని పాసయ్యారా అని ఎవరడుగుతారు? ఆయన నిలబడ్డాడు. చప్పట్లు కొట్టించుకున్నాడు. ఒకరిచ్చిన కేకు ముక్క తిన్నాడు. దాని రేపరు వెనక్కి తిప్పి చూడలేదని, ఆ సంగతి అప్పుడే గమనించి ఉండాల్సిందని ల్యాబు అమ్మాయి నాతో ఆ తరవాత అంది.

ఇంటికొచ్చి పిన్నితో ఇంకా తెలియలేదన్నాడు. ఆయన పాసయ్యాడని పిన్నికి అప్పటికే పక్కింటావిడ చెప్పేసింది. ఆవిడ తమ్ముడు ప్యాకింగులో పనిచేస్తాడు. "తెలియలేదని నాకు చెబుతారేంటండీ, వీధి వీధంతా తెలిసిపోతేనూ" అని నవ్వింది పిన్ని. ఆయన గొప్పలు పోకుండా అణకువగా ఉన్నాడనుకుంది. ఆ సాయంత్రం మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ అభినందించారు. బాబాయి తల ఊపాడు. తల ఊపడం అవుననడమే అవుతుంది. ఒకసారి ఊపాక ప్రతిసారీ ఊపాలి.

వారమంతా ఆయన తక్కువ మాట్లాడాడు. ఎవరింటికీ వెళ్లలేదు. పిన్ని కొట్టు నుంచి కొత్త బిస్కెట్టు ప్యాకెట్టు తెస్తే కత్తెరతో కోసి, డబ్బాలో పోసి, కవరు మడిచి పారేశాడు. "ఒంట్లో బాగాలేదా?" అంది పిన్ని. బాగానే ఉందన్నాడు.

ఆయన లోలోపల కోపంతో ఉన్నాడని నాకు అప్పుడు తెలియదు. సిగ్గుకి మొదటి వేషం కోపం కాబోలు. పేపరు దిద్దినవాళ్లే తప్పు చేశారని ఆయన గట్టి నమ్మకం. తన జవాబుపత్రం నకలు పంపమని, రుసుము కట్టి, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టాడు. నకలు వస్తే మేనేజరు ముందు పరిచి, చూడండి అనాలి. అప్పుడిక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని ఉండదు. ఆ ఆశ మీదే రోజులు నెట్టాడు.

ఆ రోజుల్లోనే కొత్త బిస్కెట్టు రేపరు నమూనా వచ్చింది. ల్యాబు అమ్మాయి తయారీ కాగితాలతో సహా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. తనకిప్పుడు సంతకం అధికారం ఉందని ఆమెకి తెలుసు. అయినా అద్దాల గదిలో మాస్టారు ఉండగా తను పెట్టడం ఆమెకి తోచనే లేదు. "మీరొకసారి చూసేస్తే పంపించేస్తా మాస్టారూ" అంది. చెప్పాల్సిన మాట ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. గదిలో వాళ్లిద్దరే. తలుపు వేసే ఉంది. ఆయన భూతద్దం తీసుకున్నాడు. పిండి, పంచదార, కొవ్వు, పాలపొడి, రుచి కోసం వేసే ముద్ద, ఉప్పు. వరస బాగుంది. కింద, కలిగి ఉన్నవి గోధుమ, పాలు. జీడిపప్పు, బాదం ఆనవాళ్లు ఉండవచ్చు. ఏళ్ల తరబడి చూస్తున్న మాటలే. ఆమె నిలబడి చూస్తోంది. ఆమె చూస్తుండగా ఎక్కువసేపు తీసుకోవడం కూడా ఆయనకి నామోషీ అనిపించింది. చేతికి అలవాటైన చోట సంతకం పెట్టేశాడు.

ఆ వారం చివర్లో, నేను కాలేజీ నుంచి వచ్చేసరికి బాబాయి అప్పటికే ఇంట్లో ఉన్నాడు. వంటింటి బల్ల దగ్గర, ముందు ఒక పెద్ద కవరు. పిన్ని కుట్టు మిషను మీద వీధిబడి పిల్లల చొక్కాలు కుడుతోంది. నన్ను చూసి ఆయన, "రా, కూర్చో. ఒకటి చదివిపెట్టాలి" అన్నాడు. అప్పుడే మా ఇద్దరికీ చెప్పాడు, పాసవ్వలేదని. కానీ చెప్పిన తీరు అది కాదు. "నన్ను ఫెయిలు చేశారు" అన్నాడు. పిన్ని మిషను తొక్కడం ఆగిపోయింది. ఆవిడ వీధిలో ఎవరెవరి అభినందనలు అందుకుందో ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంటున్నట్టు ఆవిడ ముఖం మారుతూ పోయింది.

"మరి ఆ రోజు..." అంది.

"ముందు ఇది విను. వాళ్ల తెలివి బయటపడుతుంది" అని నకలు నా చేతిలో పెట్టాడు. పెద్ద ప్రశ్న పక్కన ఎర్ర సిరాతో అడ్డగీత.

నేను చదవడం మొదలుపెట్టాను. "ఒక తయారీదారు కింది దినుసులతో పాల బిస్కెట్లు తయారుచేస్తున్నాడు..."

"పిండి, పంచదార, కొవ్వు" అన్నాడు బాబాయి పిన్ని వైపు తిరిగి.

సాధారణంగా నేను అక్కడ ఆగిపోతాను. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఆ రోజు ఎందుకో కళ్లు కాగితం మీదే ఉంచి చదువుకుంటూ పోయాను. గోధుమపిండి ముప్ఫై ఆరు కిలోలు. కొవ్వు పదహారు. పంచదార నలభై. ఉప్పు ఒకటి. పాలపొడి మూడు. బాదం ముద్ద నాలుగు. ఆ ముద్దలో ఉన్నవి పంచదార, బాదం, సోయా లెసిథిన్. దినుసుల జాబితానీ, అలర్జీ ప్రకటననీ రాయండి.

"పంచదార ఎంతన్నావు?"

"నలభై బాబాయ్. పిండి ముప్ఫై ఆరు."

ఆయన చెయ్యి చాపాడు. కాగితం ఇచ్చాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూసుకున్నాడు. ఆయన రాసిన జవాబులో పిండి ముందుంది. పంచదార దాని తరవాత. పాలపొడి బాదం ముద్ద కంటే ముందు. కింద, కలిగి ఉన్నవి: గోధుమ, పాలు. జీడిపప్పు, బాదం ఆనవాళ్లు ఉండవచ్చు. అక్షరం తేడా లేకుండా తమ ఫ్యాక్టరీ పాల బిస్కెట్టు రేపరు దింపేశాడు. ప్రశ్నలో లేని జీడిపప్పు కూడా తెచ్చి పెట్టాడు. చేతులారా నాలుగు కిలోలు వేసిన బాదం ముద్దకి 'ఉండవచ్చు' అన్నాడు. సోయా ఊసే లేదు.

నేను బల్ల మీద ఉల్లిపొట్టు ఏరుతూ కూర్చున్నాను. తెలియని విషయానికి తప్పితే మనిషికి ఒక సమాధానం ఉంటుంది. ఊళ్లో అందరికీ వేలు లేపి చెప్పిన విషయంలో తప్పితే ఆ వేలు ఎక్కడ దాచుకోవాలి? బాబాయి రెండు చేతులూ బల్ల కిందికి తీసుకున్నాడు.

కాసేపటికి ఆయన ముఖంలో ఇంకేదో వచ్చింది. సిగ్గు కాదు, దానికంటే చురుకైనది. "రెండో పేజీ" అన్నాడు.

"ఇది ఒక్క పేజీయే బాబాయ్."

"దీనిది కాదు" అంటూ లేచి ఫోను తీసుకుని పిండి గదిలో పాత స్నేహితుడికి చేశాడు. కొత్త బిస్కెట్టులో వేసే రుచి ముద్ద డబ్బా మీద ఏముందో చదవమన్నాడు. చదువుతుంటే ఈసారి మధ్యలో మాట్లాడలేదు. ఆఖరిదాకా విన్నాడు. ముద్దలో జీడిపప్పు ఉంది. సరఫరాదారు పంపిన వివరం తయారీ కాగితానికి వెనక జతచేసి ఉంటుంది. వెనకపేజీ మాస్టారు ఆ రోజు వెనక పేజీ తిప్పలేదు. రేపరు మీద జీడిపప్పు ఉండవచ్చు అని ఉంది. ఉండవచ్చు కాదు, ఉంది. జీడిపప్పు గొంతులోకి దిగితే ఊపిరి ఆడనివాళ్లు కొందరు, అన్ని ప్యాకెట్ల మీదా ఉండే ఆ 'ఉండవచ్చు'ని చూసీ చూడనట్టు వదిలేసి తింటుంటారు. ఆ సంగతీ ఆయనే మాకు చెప్పాడు, ఎప్పుడో.

ప్రెస్సుకి ఫోను చేస్తే ఎవరూ తియ్యలేదు. మిషను తిరుగుతుంటే వాళ్లకి వినపడదు. "ఎక్కించేసినట్టున్నారు" అని చెప్పులేసుకున్నాడు. ఆయన చెప్పులు తారుమారుగా వేసుకోవడం చూసి పిన్ని స్కూటరు తాళంచెవి నాకిచ్చింది. "నువ్వు నడుపు" అంది.

ప్రెస్సు ఒక పొడుగాటి రేకుల షెడ్డు. లోపలికి అడుగుపెట్టగానే సిరా వాసన కళ్లల్లోకి కొట్టింది. మిషను మీద మెరిసే రేపరు కాలవలా పారుతోంది. ముందు పసుపు, తరవాత ఎరుపు, చివర నల్లటి చిన్న అక్షరాలు. అవతలి చివర రోలు అప్పటికే లావెక్కింది. ప్రెస్సు యజమాని బాబాయిని చూసి గుర్తుపట్టి, చెవిలో అరిచినట్టు, "మీ పనే నడుస్తోంది మాస్టారూ" అన్నాడు.

బాబాయి ఆపమని సైగ చేసి, అలర్జీ వాక్యం తప్పని గట్టిగా చెప్పాడు. యజమాని పెద్దగా కంగారుపడలేదు. అలాంటివి ఆయనకి కొత్త కాదు. నమూనా కాగితం తీసుకొచ్చి, జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. తప్పు కొట్టేసి, సరైనది రాసి, పక్కన సంతకం పెట్టమన్నాడు. నల్ల అక్షరాల ప్లేటు ఒక్కటి మార్చుకుంటే చాలు, అచ్చయిన కాస్త రోలూ తుక్కులో వేసేస్తాం, కంపెనీతో మేం మాట్లాడుకుంటాం అన్నాడు. "ఇంత చిన్నదానికి మీరు రావాలా? ఎవరికీ తెలియనక్కర్లేదు."

పెన్ను బాబాయి చేతిలో ఉంది. పక్కన నిలబడి నేను దాన్నే చూస్తున్నాను. ఆయన రాస్తే రేపరు సరైపోతుంది. ఎవరికీ ఏ హానీ జరగదు. ల్యాబు అమ్మాయికి ఎప్పటికీ తెలియదు. సోమవారం ఆ అద్దాల గదిలో మళ్లీ కూర్చోవచ్చు. అవన్నీ ఆయనకీ తోచాయని పెన్ను మూత తీసిన తీరులో కనపడింది. తప్పు వాక్యాన్ని కొట్టేశాడు. 'కలిగి ఉన్నవి: గోధుమ, పాలు, జీడిపప్పు' అని దాని పైన రాశాడు. బాదం దగ్గర 'ఆనవాళ్లు ఉండవచ్చు' అలాగే ఉంచాడు. సంతకం చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"నేను పెట్టకూడదు" అన్నాడు.

"ఏంటి?" అన్నాడు యజమాని, వినపడక.

"నా సంతకం చెల్లదు."

యజమాని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమన్నారని మళ్లీ అడిగాడు. బాబాయి ఊపిరి పీల్చుకుని ఉన్న గొంతంతా పెట్టాడు. సరిగ్గా అప్పుడే, ఆపమన్న సైగని ఆలస్యంగా గమనించిన మిషను మనిషి స్విచ్చి కట్టేశాడు. రేపరు పారడం ఆగింది. చప్పుడంతా ఒక్కసారిగా పోయింది. ఆ నిశ్శబ్దంలో బాబాయి గొంతు ఒక్కటే షెడ్డు ఆ చివరిదాకా వినపడింది.

"నేను పరీక్ష తప్పాను."

రోళ్లు ఎత్తేవాళ్లు, సిరా కలిపేవాళ్లు, మెట్ల మీద టీ తాగుతున్నవాళ్లు, అందరూ ఇటు తిరిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. దిగిపోయిన కుడి భుజం ఇంకాస్త దిగిపోయినట్టు కనపడింది. ఒకసారి అరిచాక ఇక మెల్లగా చెప్పడానికేమీ మిగలలేదు కాబోలు, మామూలు గొంతుతో మిగతాది చెప్పాడు. సంతకం అధికారం పోయిన తరవాత కూడా పెట్టానని. కాగితం చదవకుండా పెట్టానని.

అక్కడి నుంచే ల్యాబు అమ్మాయికి ఫోను చేశాడు. అన్నీ చెప్పాడు, చప్పట్ల రోజుతో సహా. అవతల ఆమె ఏమందో నాకు వినపడలేదు. ఆయన మాత్రం రెండుసార్లు "ఉన్నావా తల్లీ?" అన్నాడు. ఆమె ఆటోలో వచ్చింది, తయారీ కాగితాలు పట్టుకుని, జుట్టు సరిగ్గా దువ్వుకోకుండా. ఎవరి ముఖమూ చూడలేదు. బల్ల దగ్గర కూర్చుని, ఆయన రాసిన దిద్దుబాటుని మొదటి పేజీతో, రెండో పేజీతో వేలు పెట్టి సరిచూసింది. ఇంకోసారి మొదటినుంచి చూసింది. బాబాయి ఎదురుగా నిలబడి ఉన్నాడు, తరగతిలో నిలబెట్టిన పిల్లాడిలా. ఆమె సంతకం పెట్టాక తల ఎత్తకుండానే అంది.

"నేనూ తిప్పలేదు మాస్టారూ ఆ పేజీ. మీరు చూస్తున్నారు కదా అని."

"ఇకమీదట ఎవరు చూసినా తిప్పు" అన్నాడు ఆయన.

సోమవారం బాబాయే మేనేజరు గదికి వెళ్లాడు. ఆయన్ని లేబుళ్ల నుంచి తీసి మళ్లీ తూకాల మీద వేశారు. హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చారు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదట. అదే కష్టంగా ఉందని పిన్నితో అంటుంటే విన్నాను. క్యాంటీన్లో ఆయన వచ్చేసరికి నవ్వులు తగ్గుతాయి. వెనకపేజీ అనడం మానేసి వట్టి మాస్టారు అంటున్నారు. ఆ పిలుపుకి ఆయన వెంటనే పలకడు. వేరే ఎవరినో పిలిచినట్టు ఒకసారి వెనక్కి చూస్తాడు.

పిన్ని కొన్నాళ్లు ఆయనతో ముభావంగా ఉంది. పరీక్ష తప్పినందుకు కాదు. తనచేత వీధంతా తల ఊపించినందుకు. పక్కింటావిడకి తనే వెళ్లి చెప్పి వచ్చింది. వచ్చి గట్టిగా మిషను తొక్కింది. ఆ వారం చొక్కాలన్నీ తొందరగా అయిపోయాయి.

బాబాయి మళ్లీ పరీక్షకి కట్టాడు. భోజనాలయ్యాక బల్ల తుడిచి నేను పాత పత్రాలు తీస్తాను. ఆయన ఎదురుగా కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంటాడు. వేలు లేపడు. నేను చదువుతాను. తూకాలు, ముద్దలు, ముద్దల్లో దాక్కున్నవి, అన్నీ. మధ్యలో ఆయన పెదవులు కదులుతాయి, జవాబు పెదవి దాకా వచ్చినట్టు. మళ్లీ మూసుకుంటాయి. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, తలొంచుకునే అడుగుతాడు.

"అయిపోయిందా, ఇంకా ఉందా?"